పాత ఫర్నిచరా, పాత పుస్తకాలా, వాడిన ల్యాప్‌టాప్‌లా: బేరం, రిపేరు రెండూ వచ్చినవాళ్లు దేంట్లో దిగాలి?

బేరమాడటం వచ్చు. విప్పిన వస్తువును మళ్లీ బిగించడమూ వచ్చు. చేతిలో పాతిక ముప్పై వేలున్నాయి. పాతవి కొని, బాగుచేసి అమ్ముదామనుకునేవాళ్లు సాధారణంగా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. ఫర్నిచర్‌లో ఒక్కో వస్తువుకి లాభం ఎక్కువ అంటారు. పుస్తకాలకు పెట్టుబడి తక్కువ అంటారు. ల్యాప్‌టాప్‌లు త్వరగా పోతాయంటారు. మూడూ నిజమే. కానీ మీ రెండు విద్యలకూ మూడు చోట్లా ఒకే కూలి దొరకదు. తేడా అంతా అక్కడే ఉంది.

ముందు చూడాల్సినవి

మొదటిది, లోపం ధర. ఈ వ్యాపారంలో డబ్బు వచ్చేది పాత వస్తువు నుంచి కాదు, దానిలోని లోపం నుంచి. అమ్మే మనిషికి ఆ లోపం కొండలా కనిపించాలి, మీకు ఒక సాయంత్రం పనిలా కనిపించాలి. ఆ రెండు చూపుల మధ్య తేడా ఎంత ఉంటే మీకు అంత మిగులుతుంది.

రెండోది, వస్తువు మీ దగ్గర ఎన్నాళ్లు ఉంటుంది, ఆలోగా దాని ధర ఏమవుతుంది. మూడోది చోటు, మోత. నాలుగోది, కంటికి కనిపించని లోపం ఉంటే ఎంత మునుగుతారు.

| | టేకు ఫర్నిచర్ | పుస్తకాలు | ఆఫీసుల నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లు |
|---|---|---|---|
| రిపేరుకు దక్కే విలువ | చాలా ఎక్కువ | దాదాపు లేదు | మధ్యస్థం; లోపం కనిపెట్టడానికే ఎక్కువ |
| బేరానికి దక్కే విలువ | ఎక్కువ | తక్కువ | చాలా ఎక్కువ |
| అమ్ముడయ్యే కాలం | వారాల నుంచి నెలలు | కొన్ని వెంటనే, కొన్ని ఏళ్లు | రోజుల నుంచి రెండు మూడు వారాలు |
| ఆగితే ధర | పెద్దగా పడదు | పరీక్షల పుస్తకాలు పడతాయి, అరుదైనవి నిలుస్తాయి | నెలనెలా పడుతుంది |
| చోటు | ఒక గది లేదా వరండా | ఒక అలమర | ఒక టేబుల్ |
| మునిగితే | ఒక వస్తువు ధర | కొన్ని వందలు | మొత్తం ధర, ఒక్కోసారి పోలీస్ స్టేషన్ |

టేకు ఫర్నిచర్: చేతిపనికి కూలి దక్కేది ఇక్కడే

ఇల్లు మారుతున్నవాళ్లు, పాత మండువా లోగిళ్లు విప్పేస్తున్నవాళ్లు, బదిలీ మీద వెళ్లిపోతున్న ఉద్యోగులు అమ్మే సామానులో టేకు వస్తువు ఒకటైనా ఉంటుంది. స్కూళ్లు తెరిచేలోపు కుటుంబాలు ఊళ్లు మారతాయి కాబట్టి మే, జూన్ నెలల్లో సరుకు ఎక్కువగా బయటికొస్తుంది. ట్రక్కు వచ్చే రోజు దగ్గరపడితే అమ్మేవాళ్లే ధర దించుతారు. అక్కడ గీచి గీచి బేరమాడనక్కర్లేదు, "ఈ సాయంత్రమే తీసుకెళ్తాను" అన్నమాట చాలు.

కొనేముందు చెక్క లోపల చూడాలి. పైన పాలిష్ ఏదైనా చెప్తుంది. సొరుగు బయటికి లాగి, తిరగేసి, పాలిష్ తగలని అడుగు భాగం చూడండి. బల్ల పైభాగంలోని గీతలు అంచు మీదుగా దిగి పక్కకి కొనసాగితే అది నిండు చెక్క. అంచు దగ్గర గీత తెగిపోయి వేరే పట్టీ కనిపిస్తే ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి పొర. టేకులోనూ రెండు రకాలుంటాయి. గోధుమ రంగులో బరువుగా ఉన్న చేవ భాగాన్ని పురుగు అంత తేలిగ్గా ముట్టుకోదు. అంచుల్లో తెల్లగా కనిపించే చెక్కనే తింటుంది. సన్నటి రంధ్రాలు ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు, అవి ఎప్పటివో కావచ్చు. కింద తెల్ల కాగితం పరిచి చెక్కని మెల్లగా తట్టండి. మెత్తటి పొడి కొత్తగా రాలితే పురుగు ఇంకా లోపలే ఉంది. అది సొరుగు పలకలోనైతే పలక మార్చుకోవచ్చు, కాలిలోనైతే వదిలేయండి.

పార్టికల్ బోర్డు ఫర్నిచర్ జోలికి ఎంత చవకైనా వెళ్లకండి. నీళ్లు తగిలి ఒకసారి ఉబ్బిన అంచు మళ్లీ కుదురుకోదు. దాన్ని బాగుచేసే విద్య ఎవరి దగ్గరా లేదు. పాత సోఫాలూ అంతే, నల్లులు మీ ఇంట్లోకి కూడా వస్తాయి.

ఇక పనిలో అసలు నిర్ణయం పాత పాలిష్‌ది. దూదిని స్పిరిట్‌లో ముంచి, కనిపించని మూల ఒకచోట పెట్టి కాసేపు ఉంచండి. ఆ చోటు జిగటగా మారి, దూదికి గోధుమ రంగు అంటుకుంటే అది లక్కతో వేసిన స్పిరిట్ పాలిష్. అదే అయితే మీ అదృష్టం. మొత్తం గీకక్కర్లేదు. మురికి తుడిచి, స్పిరిట్‌తోనే పాత పొరను కరిగించి సర్ది, మీద రెండు మూడు పల్చటి పూతలు వేస్తే పాత చెక్కకున్న నిగారింపు తిరిగొస్తుంది. దూదికి ఏమీ అంటకపోతే పైన ఉన్నది స్పిరిట్‌కి కరగని మెలమైన్ పూతో, పాలీయురెథేన్ పూతో. అప్పుడు సాండ్ పేపర్‌తో పూర్తిగా తీయాల్సిందే, పని రెండింతలు. కాబట్టి వాళ్ల అనుమతి అడిగి బేరానికి ముందే ఆ దూది పరీక్ష చేయడం మంచిది. వానాకాలంలో మాత్రం స్పిరిట్ పాలిష్ పెట్టుకోకండి. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉంటే పూత ఆరేటప్పుడు పాలు చల్లినట్టు తెల్లబడుతుంది.

ఒక లెక్క చూద్దాం. ధరలు ఉదాహరణకి, మీ ఊరివి వేసుకోండి. చెక్కలు ఒకదానిలో ఒకటి దిగే కుసులు వదులై ఊగుతున్న టేకు రాత బల్ల 5,500కి దొరికింది. ట్రాలీ ఆటో, ఎత్తుడు కూలి కలిపి 1,200. జిగురు, సాండ్ పేపర్, లక్క, స్పిరిట్‌కి 900. మొత్తం 7,600. కుసులు ఊడదీసి, పాత జిగురు గీకి, మళ్లీ అతికించి క్లాంపులు బిగించి ఒక రోజు వదిలేస్తే ఊగడం పోతుంది. పాలిష్ అయ్యాక 13,000కి పోతే మిగిలేది 5,400. నికరంగా మూడు రోజుల పని. పాలిష్ మనిషిని రోజు కూలికి పెట్టుకుంటే ఇందులో సగం పైగా అతనికే పోతుంది. కాబట్టి మీ చెయ్యే పనిచేయాలి. పైగా ఆ బల్లకి సరైన మనిషి దొరికేదాకా రెండు నెలలైనా పట్టొచ్చు. దాని ధర పడదు, కానీ మీ హాలు ఇరుకవుతుంది. పక్కన ఇంకో రెండు వస్తువులు చేరితే ఇంట్లోవాళ్లకీ మీకూ బేరాలు మొదలవుతాయి.

పుస్తకాలు: రిపేరు విద్యకి ఇక్కడ పని లేదు

ఈ మాట ముందే తెలిస్తే చాలామంది జాగ్రత్తపడతారు. చిరిగిన పుస్తకానికి బైండింగ్ చేయిస్తే చదవడానికి బాగుంటుంది, అమ్మకం ధర మాత్రం పెరగదు. అరుదైన పుస్తకమైతే పాత అట్ట తీసేసి కొత్త బైండింగ్ వేయడం వల్ల సేకరించేవాళ్ల దగ్గర ధర తగ్గుతుంది కూడా. ఇక సెల్లోటేప్ అంటించడం అన్నిటికంటే పెద్ద తప్పు. కొన్నేళ్లకి టేపు ఊడిపోతుంది, పసుపు మరక కాగితంలో శాశ్వతంగా ఉండిపోతుంది.

బేరానికీ ఇక్కడ పెద్దగా చోటు లేదు. పాత పేపర్ల దుకాణంలో అన్నీ కిలోల లెక్కే. కిలో పాతిక రూపాయలనుకుంటే ఎంత బతిమాలినా మిగిలేది నాలుగైదు రూపాయలు. అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదైనా, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లోనైనా అమ్మేవాళ్లు తరతరాలుగా అదే పనిలో ఉన్నారు. విలువైన పుస్తకం మీకంటే ముందు వాళ్ల కంట్లోనే పడుతుంది. పొద్దున బోణీ బేరానికి కాస్త మెత్తబడతారేమో గానీ, అడ్డికి పావుశేరు లెక్కన అమ్మరు.

అయితే దేనికి డబ్బు వస్తుంది? ఏది అమ్ముడవుతుందో తెలియడానికి. ఆ కన్ను రెండు చోట్ల పనికొస్తుంది. ఒకటి పోటీ పరీక్షల పుస్తకాలు. గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చిన వారంలో తెలుగు అకాడమీ పుస్తకాలు అడిగేవాళ్లు పెరుగుతారు, పరీక్ష అయిపోయాక అవే పుస్తకాలు మూటల్లో తిరిగొస్తాయి. పరీక్ష తర్వాత కొని నోటిఫికేషన్‌కి అమ్మాలి. సిలబస్ మారితే మాత్రం ఆ మూట మళ్లీ కిలోల లెక్కలోకే పోతుంది. కోచింగ్ మెటీరియల్ జిరాక్సులు, ఫుట్‌పాత్ పైరసీ కాపీలు కలపకండి. కాపీరైట్ చట్టం సంగతి అటుంచి, ముద్రణ మసకగా ఉందని ఒక్క విద్యార్థి రాస్తే మీ పేరు పోతుంది.

రెండోది పాత పత్రికలు, అచ్చులో లేని తెలుగు పుస్తకాలు. 1947లో మొదలైన చందమామ తొలి సంవత్సరాల సంచికల్ని సేకరించేవాళ్లున్నారు. కానీ స్కాన్ కాపీలు నెట్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి కాబట్టి చదువుకోవడానికి కొనేవాళ్లు తగ్గారు. ఇప్పుడు కొనేది వస్తువును చూసి. అట్ట ఉండాలి, మధ్య పేజీలు అన్నీ ఉండాలి, బొమ్మలు ఎవరూ కత్తిరించి ఉండకూడదు. కొనే ముందు పేజీ నంబర్లు వరుసగా తిప్పి చూడటమే ఇందులో రిపేరు పని.

పంపే ఖర్చు ముందే లెక్కలో ఉండాలి. తపాలా శాఖ 2025లో తెచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో పుస్తకాలకి 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు, పన్ను అదనం. రోడ్డు మార్గంలో వెళ్తుంది కాబట్టి నిదానం. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. క్రమం తప్పకుండా వెలువడే పత్రికలు ఆ రేటుకి పోవు. అంటే చందమామ మూట మామూలు రేటుకే పంపుకోవాలి.

ఇరవై కిలోల మూటలో విడిగా అమ్మదగ్గవి అయిదో ఆరో దొరికితే బాగా దొరికినట్టే. కాబట్టి దీన్ని జీతంలా లెక్కేసుకోకండి. పుస్తకాలంటే ఇష్టం ఉండి, ఎలాగూ ఆదివారాలు ఆ ఫుట్‌పాత్‌ల మీదే గడిపేవాళ్లకి టీ ఖర్చులూ, సొంత అలమరకి నాలుగు మంచి పుస్తకాలూ వస్తాయి.

ల్యాప్‌టాప్‌లు: కనిపెట్టడమే సగం సంపాదన

ఎలక్ట్రానిక్స్ అనగానే ఫోన్లు గుర్తొస్తాయి. నేనైతే ఫోన్లు వద్దంటాను. దొంగ సరుకు ఎక్కువ, లోపల అంతా జిగురుతో అతికించి ఉంటుంది, ధర వారాల్లో పడుతుంది. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలించుకునే ల్యాప్‌టాప్‌లు వేరు. థింక్‌ప్యాడ్ టి480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పి ఎలైట్‌బుక్ 840 జి5 లాంటివి స్క్రూలు విప్పితే తెరుచుకుంటాయి, స్పేర్లు తేలిగ్గా దొరుకుతాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగితే ధరల అంచనా ఒక్క పూటలో వస్తుంది.

ఈ మూడు మోడళ్లే చెప్పడానికి కారణం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరం నుంచే అర్హత. ఈ మూడూ ఎక్కువగా 8వ తరంలో వచ్చాయి, కానీ కొన్నిట్లో 7వ తరం ప్రాసెసరూ ఉంటుంది కాబట్టి ప్రాసెసర్ పేరు చూసే కొనండి. 7వ తరం మెషీన్ చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, ధర బాగా తక్కువ చెప్తారు. చవకగా వచ్చిందని తెస్తే అమ్మేటప్పుడు మీ నుంచీ అంతే చవకగా అడుగుతారు.

కొనేటప్పుడు చూడాల్సిన క్రమం ఇది. ముందు మెషీన్ ఆపి, ఆన్ చేస్తూ, విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగులైన బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే లేచి వచ్చేయండి. "తర్వాత తీసేయొచ్చు సార్" అంటారు, ఆ తర్వాత మీ పనే అవుతుంది. రెండోది, విండోస్ రీసెట్ చేయించి మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. మొదటి సెటప్‌లో ఏదైనా కంపెనీ పేరు వచ్చి ఆ కంపెనీ మెయిల్‌తో లాగిన్ కమ్మంటే, మెషీన్ ఇంకా ఆ కంపెనీ లెక్కలోనే ఉందన్నమాట. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించినా నెట్‌కి కలపగానే అదే అడుగుతుంది. ఇది చూడకుండా కొని అమ్మితే, కొన్నవాళ్లు నెల తర్వాత ఫార్మాట్ చేసి మీ ఇంటికొస్తారు.

మూడోది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
powercfg /batteryreport
```

వచ్చిన ఫైల్ తెరిస్తే DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY అని రెండు అంకెలు ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి తగ్గితే బ్యాటరీ మార్చాల్సిందే. ఆ స్క్రీన్‌ని అమ్మేవాళ్లకి చూపించి బేరం మొదలుపెట్టండి. "ఇంకొంచెం తగ్గించండి" అని అడగడం వేరు, రిపోర్టు ముందు పెట్టి బ్యాటరీ ధర తీసేయమనడం వేరు. టి480లో రెండు బ్యాటరీలుంటాయి, బయటిది గొళ్లెం జరిపితే చేతికొచ్చేస్తుంది. అమ్మేవాళ్లకి "బ్యాటరీ పోయింది" అన్నది పెద్ద మాట, మీకు అర నిమిషం పని. దానికే టైప్-సి పోర్టులు రెండుంటాయి, రెండింటితోనూ ఛార్జింగ్ ఎక్కుతుంది. ఛార్జింగ్ ఎక్కట్లేదని ఎవరైనా తక్కువకి ఇస్తుంటే రెండో పోర్టులో పెట్టి చూడండి. అయినా ఎక్కకపోతే మదర్‌బోర్డు మీద పని. బోర్డు మీది సన్నటి అతుకులు వేసే మైక్రోసోల్డరింగ్ మీకు రాకపోతే ఆ బేరం వదిలేయడమే మంచిది.

ఇప్పుడు లెక్క. ఇవీ ఉదాహరణ ధరలే. బయటి బ్యాటరీ పోయి, కీబోర్డులో రెండు కీలు పనిచేయని టి480 ఒకటి 9,500కి వచ్చింది. బ్యాటరీ 2,000, కీబోర్డు 1,200. మొత్తం 12,700. అమ్మితే 15,500. మిగిలింది 2,800. చాలామంది ఇక్కడితో ఆగరు. స్క్రీన్ మామూలు హెచ్‌డి ఉంది కదా, ఫుల్ హెచ్‌డి వేస్తే ఇంకా ఎక్కువకి పోతుందని ఇంకో 3,200 పెడతారు. అప్పుడు ఖర్చు 15,900, అమ్మకం 17,500. మిగిలింది 1,600. పని పెరిగింది, లాభం తగ్గింది. పనిచేయని వస్తువుని పనిచేసేలా చేస్తే డబ్బు వస్తుంది, పనిచేస్తున్నదాన్ని మెరుగుపరిస్తే చాలాసార్లు రాదు. చేతిపని ఇష్టమున్నవాళ్లు పడే గుంట ఇదే. ర్యామ్ సంగతి కూడా చూసుకోండి. ఈ మెషీన్లలో ఉండే డిడిఆర్4 రకం ర్యామ్ ధర 2025 చివర్లో బాగా పెరిగింది. 8 జీబీ మెషీన్ కొని ర్యామ్ పెంచడం కంటే 16 జీబీది వెతికి కొనడమే మేలు.

అమ్మాక పదిహేను రోజుల గ్యారంటీ ఇవ్వకపోతే షాపువాళ్లతో పోటీపడలేరు. అందుకని ప్రతి మెషీన్ మీదా అయిదు వందలు పక్కన పెట్టుకోండి. అంటే 2,800 కాదు, చేతిలో పడేది 2,300. అయినా రెండు మూడు గంటల పని.

దొంగ సరుకు భయం కూడా ఇక్కడే ఎక్కువ. దొంగిలించినదని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. "నాకు తెలియదు" అని చెప్పుకోవాలంటే చేతిలో కాగితం ఉండాలి. సీరియల్ నంబర్ రాసిన రసీదు, అమ్మినవాళ్ల గుర్తింపు కార్డు కాపీ, డబ్బు యూపీఐలో. ఈ మూడింట్లో దేనికైనా నసిగితే బేరం ఎంత బాగున్నా నమస్కారం పెట్టి రావాలి.

ఎవరికి ఏది

మూడో అంతస్తులో అద్దెకుండి, సాయంత్రాలు మాత్రమే ఖాళీ ఉన్నవాళ్లకి ల్యాప్‌టాప్‌లే. ఫర్నిచర్ వాళ్లకి లిఫ్ట్ దగ్గరే అసాధ్యం అవుతుంది. మొదట రెండు మెషీన్లకి మించి కొనకండి. అవి అమ్ముడయ్యాకే మూడోది. ఈ సరుకు అలమరలో నిలబడిన ప్రతి నెలా మీ బేరంలో సంపాదించినది కరిగిపోతుంది.

సొంతిల్లు, వెనక రేకుల షెడ్డు, ఇంట్లో ఎవరికైనా వడ్రంగం తెలిసి ఉంటే ఫర్నిచర్. రాజమండ్రి, తెనాలి లాంటి ఊళ్లలో పాత ఇళ్ల సామాను దగ్గర్లోనే దొరుకుతుంది, కొనేవాళ్లు మాత్రం హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉంటారు. అందుకని పడక కుర్చీ, స్టూలు, గోడ అలమర లాంటి చిన్నవాటితో మొదలుపెట్టండి. పందిరి మంచం ఎంత బాగున్నా రవాణా ఖర్చే దాన్ని అమ్మనివ్వదు.

బేరం బాగా వచ్చి రిపేరు అంతంతమాత్రమైతే ల్యాప్‌టాప్‌లే, బ్యాటరీ, కీబోర్డు, ఎస్ఎస్‌డి మార్చడం వరకు. అంతకు మించినది కొనొద్దు. రిపేరు బాగా వచ్చి, మొహమాటంతో బేరమాడలేకపోతే ఫర్నిచర్. అక్కడ అమ్మేవాళ్ల తొందరే మీ తరఫున బేరమాడుతుంది.

రెండూ చేద్దామనుకునేవాళ్లకి ఏడాదిని పంచుకునే వీలుంది. మే, జూన్‌లో టేకు సామాను కొని, చెక్కపని, అతుకుపని వానల్లో ముగించి, పాలిష్ మాత్రం వానలు వెనకబట్టాక వేయండి. ఆ చెమ్మ నెలల్లో ల్యాప్‌టాప్‌లు నడుస్తాయి, కాలేజీలు మొదలయ్యే రోజులు కాబట్టి అడిగేవాళ్లూ ఉంటారు. అమ్మకాలు పెరిగి జీఎస్టీ రిజిస్ట్రేషన్ దాకా వెళ్తే, పాత వస్తువుల వ్యాపారులకి 32(5) రూల్ ఉందని ఆడిటర్‌కి గుర్తుచేయండి. కొన్నప్పుడు కట్టిన పన్నుని తర్వాత సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకపోతే, చిన్న మరమ్మతులు చేసి అమ్మినప్పుడు మొత్తం ధర మీద కాకుండా కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే పన్ను పడుతుంది. దానికి కావాల్సిన ఆధారం కూడా పైన చెప్పిన రసీదులే.